మేడమ్‌కు థ్యాంక్స్ చెప్తే మేడమ్‌కే ఇబ్బంది అవుతుందా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది నల్లగొండ దగ్గర పల్లెటూరు. బీఏ మొదటి సెమిస్టర్, మా క్లాసుకు నేనే సీఆర్. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీకి వచ్చేసరికి అన్నీ ఇంగ్లిష్. మా ఎకనామిక్స్ మేడమ్ ఇంగ్లిష్ నోట్స్ ఇచ్చి ఊరుకోకుండా, మాకు అర్థం కాని పాఠాలన్నీ తన చేత్తో తెలుగులో రాసి ఇచ్చారు, మొత్తం 42 పేజీలు. నేనే జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. ఒరిజినల్ పేజీలు ఇంకా నా బ్యాగులోనే ఉన్నాయి. వచ్చే శనివారం సెమిస్టర్ చివరి రోజు. చిన్న మీటింగ్ ఉంది, ప్రిన్సిపాల్ సార్, లెక్చరర్లందరూ వస్తారు, స్టూడెంట్స్ తరఫున నేను మూడు నిమిషాలు మాట్లాడాలి. మేడమ్ గురించే చెప్పాలని అందరం అనుకున్నాం. కానీ ఆమె గెస్ట్ లెక్చరర్. ఇంగ్లిష్ మీడియం క్లాసులో తెలుగు నోట్స్ ఇచ్చారని స్టేజీ మీద చెప్తే ఆమెకే ఏమైనా అవుతుందేమోనని టెన్షన్. ఇంకో సార్ ఉన్నారు, పుస్తకం చూసి చదివి వెళ్ళిపోతారు, ఆయన తననే అన్నాననుకుంటారేమో. పైగా క్లాసులో ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు, నేను తెలుగులో మాట్లాడితే నవ్వుతారేమో, ఇంగ్లిష్‌లో మాట్లాడదామంటే నాకు రాదు. ఫ్రెండ్ ఒక స్పీచ్ రాసిచ్చింది, గురుబ్రహ్మ శ్లోకంతో మొదలై 'చీకట్లో దీపం' అని అయిపోతుంది. అది చదవాలంటే సిగ్గుగా ఉంది. ఏం చేయమంటారు? ఎలాస్టిసిటీ పేజీ ఒకటి ఫొటో తీసి పంపుతున్నాను.
– ఒక సీఆర్

జవాబు: బిడ్డా, ఆ ఫొటో పంపి మంచి పని చేశావు. ఉత్తరం రెండుసార్లు చదివాను గానీ ఆ పేజీని మాత్రం చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నేనూ డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణే కాబట్టి మీ మేడమ్ ఆ పేజీ మీద ఎంత కుస్తీ పట్టిందో నాకు కనబడుతోంది. నీ స్పీచ్ ఆ పేజీలోనే ఉంది. అది తర్వాత చెప్తాను, ముందు భయం సంగతి.

మీ మేడమ్‌ను అడిగావా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. మీరంతా అనుకున్నారు, ఫ్రెండ్ స్పీచ్ రాసిచ్చింది, నువ్వు టెన్షన్ పడుతున్నావు, నాకు ఉత్తరం కూడా రాశావు, అసలు మనిషికి మాత్రం ఈ సంగతే తెలియదు. సర్‌ప్రైజ్ ఇద్దామన్న ఉబలాటం ఉంటుంది, నాకు తెలుసు. కానీ గెస్ట్ లెక్చరర్ అంటే గంటల లెక్కన జీతం, వచ్చే ఏడాది మళ్ళీ పిలుస్తారో లేదో తెలియని బతుకు. అటువంటి మనిషి గురించి ప్రిన్సిపాల్ ముందర ఏం చెప్పాలో, ఏం చెప్పొద్దో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు, నేను కూడా కాదు. స్టాఫ్ రూమ్‌లో నలుగురి ముందు కాకుండా, క్లాసు అయిపోయాక కారిడార్లో నడుస్తూ అడుగు. "మేడమ్, శనివారం మీరు రాసిచ్చిన నోట్స్ గురించి రెండు మాటలు మాట్లాడదామనుకుంటున్నా, మీకు ఇబ్బందేం లేదు కదా" అంటే చాలు. "ఏం మాట్లాడతావు?" అని అడుగుతుంది. అప్పుడు రాసుకున్న కాగితం ఆమె చేతిలో పెట్టు.

ఆమె చెప్పు అంటే నీ దారి సాఫీ. వద్దు అంటే అది మొహమాటపు 'వద్దు'నా, నిజంగా వద్దనేనా అన్నది గమనించాలి. "అయ్యో ఎందుకమ్మా, అందులో ఏముంది" అని నవ్వితే మొహమాటం, ఇంకోసారి అడగొచ్చు. "వద్దు, ఆ సంగతి అక్కడ ఎత్తకు" అని ఆగిపోయి చెప్తే మాత్రం ఆమెకు ఏదో తెలిసే చెప్తోంది, బతిమాలకు. అలాంటప్పుడు స్టేజీ మీద లెక్చరర్లందరికీ కలిపి నమస్కారం చెప్పి, మేడమ్‌కు చెప్పాల్సింది క్లాసులో తలుపు దగ్గరకు వేసి చెప్పండి. ప్రిన్సిపాల్ ముందు చెప్తే ఆమె పేరు నలుగురికీ తెలుస్తుంది, రేపు ఎప్పుడైనా పనికి రావచ్చు, అదే పేరు తప్పు చెవిలో పడనూ వచ్చు. క్లాసులో చెప్తే ఆ రెండూ ఉండవు, మీకూ ఆమెకూ మధ్యనే ఉండిపోతుంది. ఏది మేలో ఆమెనే తేల్చుకోనీ.

మూడో జవాబు కూడా రావచ్చు. "చెప్పు గానీ, తెలుగులో పాఠం చెప్పారు అనకు" అని. నా అంచనా ప్రకారం ఇదే వస్తుంది. ఇక్కడే నీకు నా సంగతి ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇట్లాంటి మీటింగే జరిగింది. ఫైనలియర్ పిల్లవాడు ఒకడు, బంగారం లాంటి పిల్లవాడు, మైకు పట్టుకొని "సార్ నోట్స్ ఉంటే చాలు, టెక్స్ట్‌బుక్ ముట్టుకునే పనే లేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ మురిసిపోయాను. సోమవారం పొద్దున పైనుంచి పిలుపు, "ఏమయ్యా, సిలబస్ పుస్తకం పక్కన పెట్టి సొంత నోట్స్ నడిపిస్తున్నావట?" అని. వాడు అబద్ధం చెప్పలేదు, నన్ను అనలేదు, పొగిడాడు. కానీ నేను చేసింది ఒకటి, వాడి నోట్లో పడి బయటికొచ్చింది ఇంకొకటి. నేను పుస్తకంలోని నాలుగు కష్టమైన పాఠాలను విడమరిచి రాశాను, వాడేమో పుస్తకమే అక్కర్లేదన్నాడు.

నీ విషయంలోనూ ప్రమాదం అక్కడే ఉంది. "మేడమ్ అంతా తెలుగులోనే చెప్పారు" అంటే ప్రిన్సిపాల్ చెవికి "ఇంగ్లిష్ మీడియం క్లాసులో ఇంగ్లిష్ చెప్పడం లేదు" అని వినిపిస్తుంది. నువ్వు పంపిన పేజీ చూస్తే ఆమె చేసింది అది కాదని తెలుస్తోంది. కాబట్టి ఆమె ఏం చేసిందో అచ్చం అదే చెప్పు. మెచ్చుకోలుగానూ అదే బాగుంటుంది, ఆమెకు రక్షణా అదే.

ఇంతకీ ఏం చేసింది? పేజీ పైభాగం చూడు. మొదట 'డిమాండ్ వ్యాకోచత్వం' అని రాసింది. తర్వాత 'వ్యాకోచత్వం' మీద ఒక గీత గీసి, పైన తెలుగు అక్షరాల్లో 'ఎలాస్టిసిటీ' అని రాసి, పక్కన ఇంగ్లిష్ స్పెల్లింగ్ పెట్టింది. ఆ కొట్టివేత ఊరికే చేసింది కాదు. 1968లో తెలుగు అకాడమి పెట్టాక పై చదువుల పుస్తకాలు తెలుగులోకి వచ్చాయి, ఎకనామిక్స్‌లో ఎలాస్టిసిటీకి 'వ్యాకోచత్వం' అన్న మాట స్థిరపడింది. మేమంతా ఆ మాటతోనే చదివాం. కానీ మీరు స్కూల్లో ఫిజిక్స్‌లో ఏం చదివారు? వేడి చేస్తే రైలు పట్టా వ్యాకోచిస్తుంది, అంటే సాగుతుంది, పెరుగుతుంది. ఆ వ్యాకోచం ఇంగ్లిష్‌లో ఎక్స్‌పాన్షన్. ఫిజిక్స్‌లో ఎలాస్టిసిటీ అన్నదానికి వేరే మాట ఉంది, స్థితిస్థాపకత. అంటే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల 'డిమాండ్ వ్యాకోచత్వం' అని చదవగానే డిమాండ్ పెరగడం అనుకుంటుంది. నా క్లాసుల్లో ప్రతి ఏడూ కనీసం పది పేపర్లలో ఈ తప్పు కనబడేది, 'ధర తగ్గితే డిమాండ్ వ్యాకోచిస్తుంది, కావున దానిని వ్యాకోచత్వం అందురు' అని. నేను ఎర్రపెన్నుతో కొట్టేసేవాణ్ణి తప్ప, తప్పు ఆ మాట దగ్గరే మొదలవుతోందని తట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీ మేడమ్ ఒక్క గీతతో తేల్చేసింది.

దాని కింద ఆమె రాసిన వాక్యం చూడు, 'ధర ఇంత శాతం కదిలితే, కొనుడు ఎంత శాతం కదులుతుంది, ఆ లెక్కే ఎలాస్టిసిటీ'. ఏ పుస్తకంలోనూ ఇట్లా ఉండదు. 'కొనుడు' మన దిక్కు మాట. 'కదులుతుంది' అనడంలో పెరగడం, తగ్గడం రెండూ ఇమిడిపోయాయి.

తర్వాత బత్తాయి బండి లెక్క. కిలో 40 రూపాయలున్నప్పుడు బండి మీద రోజుకు 100 కిలోలు పోయేవి, 50 చేస్తే 60 కిలోలే పోయాయి. ధర 25 శాతం పెరిగింది, అమ్మకం 40 శాతం పడింది. 40ని 25తో భాగిస్తే 1.6, ఒకటి కంటే ఎక్కువ, అంటే ఎలాస్టిక్. గల్లా మాట ఏమిటి? ముందు 4,000 వచ్చేది, ఇప్పుడు 3,000. రేటు పెంచి నష్టపోయాడు, ఎందుకంటే జనానికి బత్తాయి కాకపోతే జామకాయ ఉంది, అరటిపండు ఉంది. దాని పక్కనే ఉప్పు. ప్యాకెట్ 20 నుంచి 25 అయింది, అదే 25 శాతం, కానీ కిరాణా కొట్లో 100 ప్యాకెట్లు పోయేచోట 98 పోయాయి. 2 శాతం. 25తో భాగిస్తే 0.08, ఒకటి కంటే తక్కువ, అంటే ఇన్‌ఎలాస్టిక్. గల్లా 2,000 నుంచి 2,450కి పెరిగింది. రేటు పెరిగిందని చారులో ఉప్పు మానేస్తామా?

ఇంకొకటి చూశావా, ఉప్పు లెక్క కింద డబ్బా కట్టి రాసింది, 'ఇన్‌ఎలాస్టిక్ అంటే కదలదు అని కాదు, తక్కువ కదులుతుంది అని. అసలు కదలకపోతే అది పర్ఫెక్ట్‌లీ ఇన్‌ఎలాస్టిక్, అది వేరే'. తెలుగు పుస్తకంలో 'అవ్యాకోచ డిమాండ్' అని ఉంటుంది, 'అ' అంటే లేదు అని కదా, పిల్లలు సున్నా అనుకుంటారు. మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. అంటే ఆమె ఇంగ్లిష్ నోట్స్‌ను తెలుగులోకి దింపి వదిలెయ్యలేదు, మీరు ఎక్కడ జారిపడతారో ముందే చూసి అక్కడ రాయి పెట్టింది. ఇంగ్లిష్ పదాలను ఎక్కడా వదల్లేదు కూడా, ప్రతి పదం పక్కన స్పెల్లింగ్ ఉంది, ఎందుకంటే రేపు మీరు పరీక్ష రాసేది ఇంగ్లిష్‌లోనే. ఇది చూసిన ఏ ప్రిన్సిపాలైనా "ఇంగ్లిష్ చెప్పడం లేదు" అనలేడు.

కాబట్టి స్పీచ్‌లో ఈ ఒక్క పేజీ చాలు. 42 పేజీల గురించీ మాట్లాడకు. నేను ఒక ముసాయిదా రాస్తున్నాను, నీ నోటికి తగ్గట్టు మార్చుకో:

"ప్రిన్సిపాల్ సార్‌కు, లెక్చరర్లందరికీ నమస్కారం. నేను ఒక్క పేజీ గురించే మాట్లాడతాను. మా క్లాసులో సగం కంటే ఎక్కువ మందిమి తెలుగు మీడియం నుంచి వచ్చినం. ఇంగ్లిష్ నోట్స్‌లో ఎలాస్టిసిటీ పాఠం మూడుసార్లు చదివిన, నాకు పదాలు తెలిసినయి గానీ సంగతి తెలువలే. మేడమ్ అదే పాఠాన్ని ఒక పేజీలో తెలుగులో విడమరిచి రాసిచ్చారు. అందులో బత్తాయి బండి ఉంది, ఉప్పు ప్యాకెట్ ఉంది. ధర పెంచితే బండాయన ఎందుకు నష్టపోయిండో, కిరాణా సేటు ఎందుకు లాభపడ్డడో లెక్క వేసి చూపించారు. ఆ పేజీ చదివినాక మళ్ళీ ఇంగ్లిష్ నోట్స్ తీసిన, ఈసారి అర్థమైంది. ఇంటర్నల్స్‌లో ఆ ప్రశ్నకు జవాబు ఇంగ్లిష్‌లో నేనే సొంతంగా రాసిన. ఇట్లా 42 పేజీలు రాశారు మేడమ్, చేత్తోటి, మా కోసం. మేడమ్, మా అందరి తరఫున మీకు థ్యాంక్స్."

అంతే, మైకు పక్కవాళ్ళకు ఇచ్చెయ్. తొందరపడకుండా చదివితే మూడు నిమిషాల్లోపే అయిపోతుంది, అయిపోనీ, టైమ్ మిగిలిందని ఎవరూ బాధపడరు. ఒక్క జాగ్రత్త, ఇంటర్నల్స్‌లో నువ్వు నిజంగా ఆ ప్రశ్న రాసి ఉంటేనే ఆ వాక్యం ఉంచు. రాయకపోతే రాసిన ఫ్రెండ్ సంగతి చెప్పు, ఆ పిల్లను అడిగి. "మళ్ళీ ఇంగ్లిష్ నోట్స్ తీసిన" అన్న వాక్యం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసెయ్యకు, మేడమ్‌ను కాపాడేది అదే. తెలుగు నోట్స్ ఇంగ్లిష్ దగ్గరికి తీసుకెళ్ళాయి అన్న సంగతి నువ్వు వాదించకుండానే అందరికీ అర్థమవుతుంది.

ఒకవేళ మేడమ్ తెలుగు ఊసే వద్దంటే 'తెలుగులో' అన్న మాట, తెలుగు మీడియం వాక్యం తీసెయ్. 'విడమరిచి రాసిచ్చారు' అంటే చాలు. బత్తాయి బండి అట్లాగే ఉంటుంది. కొంచెం చప్పబడుతుంది, నిజమే, కానీ కూర్చున్న మీ క్లాసు పిల్లలందరికీ తెలుసు కదా అసలు సంగతి.

ఇక పుస్తకం చూసి చదివే సార్. ఆ ముసాయిదాలో ఆయన ఎక్కడైనా ఉన్నాడా? "అందరిలా కాకుండా", "ఒక్క మేడమ్ మాత్రమే", "మిగతా సబ్జెక్టులు అర్థం కాలేదు" లాంటి మాటలు లేకపోతే ఆయనకు దొరికేదేమీ ఉండదు. అయినా నొచ్చుకుంటాడేమో. నొచ్చుకుంటే అది ఆయన మనసులో ముందే ఉన్న ముల్లు, నువ్వు గుచ్చింది కాదు. ఆయన్ను బుజ్జగించడానికి లేని పొగడ్త ఒకటి కలపాలని అనిపించవచ్చు, వద్దు. ఎదురుగా కూర్చున్న పిల్లలు ముసిముసిగా నవ్వుతారు, ఆయనకు అంతకంటే అవమానం ఇంకోటి లేదు. మొదట్లో లెక్చరర్లందరికీ చెప్పిన నమస్కారంలో ఆయనా ఉన్నాడు.

భాష సంగతి. ఇంగ్లిష్‌లో చెప్తే ప్రిన్సిపాల్‌కు ముచ్చటగా ఉండొచ్చు, కానీ నువ్వు బట్టీ పట్టాలి, మధ్యలో ఒక మాట మర్చిపోతే అక్కడే నిలబడిపోతావు. పైగా తెలుగులో విడమరిచినందుకు ఇంగ్లిష్‌లో థ్యాంక్స్ చెప్పడం నాకైతే ఎబ్బెట్టుగా ఉంటుంది. అయినా మీ కాలేజీలో మీటింగంటే ఇంగ్లిషే నడుస్తుంది అనుకుంటే మొదటి నమస్కార వాక్యం, చివరి థ్యాంక్స్ వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పి నడుమ తెలుగులో మాట్లాడు. ఇంగ్లిష్ మీడియం పిల్లల గురించి మాత్రం నువ్వు కొంచెం ఎక్కువ ఊహించుకుంటున్నావేమో. ఆ ఏడెనిమిది మందికీ నువ్వు జిరాక్స్‌లు పంచావు కదా, అవి వాళ్ళు పారేశారా? వాళ్ళలో ఒకరిని అడుగు, బత్తాయి లెక్క గుర్తుందా అని. గుర్తుంటే "మా క్లాసులో సగం కంటే ఎక్కువ మందిమి" అన్న వాక్యం తర్వాత "ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చినోళ్ళు కూడా ఈ పేజీ అడిగి తీసుకున్నరు" అని ఒక ముక్క కలుపుకోవచ్చు. రాయడంలో నేను 'వచ్చినం', 'తెలువలే' అని మన యాసలోనే పెట్టాను, నీకు నోరు తిరిగేది అదే కాబట్టి. పుస్తకం తెలుగులో చెప్పబోతే నాలుగో వాక్యంలో గొంతు మారిపోతుంది, అప్పుడు నవ్వు వస్తుంది.

మీ ఫ్రెండ్ రాసిన స్పీచ్ బాధ్యత కూడా నీ మీద ఉంది, పాపం ఆ పిల్ల రాత్రి కూర్చొని రాసి ఉంటుంది. అందులో ఏదైనా ఒక వాక్యం మీ మేడమ్‌కు తప్ప ఇంకెవరికీ చెప్పలేనిది ఉంటే తీసుకో. దీపం, చీకటి, నిచ్చెన, కొవ్వొత్తి వదిలెయ్, లెక్కల సార్‌కూ అవే చెప్పొచ్చు, పీఈటీ సార్‌కూ అవే చెప్పొచ్చు.

రెండు చిన్న విషయాలు. స్టేజీ మీద "ఈ నోట్స్ పీడీఎఫ్ చేసి జూనియర్లకు కూడా ఇస్తాం" అని ప్రకటించకు. ఇట్లాంటి ఊపులో వచ్చే మాట అది. అవి ఆమె రాత, ఎవరికి ఇవ్వాలో ఆమె ఇష్టం. వచ్చే ఏడాది ఆమె ఉంటుందో ఉండదో తెలియనప్పుడు ఆమె కష్టం గ్రూపుల్లో తిరుగుతుంటే ఆమెకు ఎట్లా ఉంటుందో ఆలోచించు. ఇవ్వాలని ఉంటే ఆమెనే ఇస్తుంది.

రెండోది నీ బ్యాగు. ఆ ఒరిజినల్ పేజీలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయన్నావు. ఆమె అడిగి ఉండదు, నువ్వు మర్చిపోయి ఉంటావు, కానీ ఆమె దగ్గర ఇంకో కాపీ ఉందో లేదో. శాలువాకు చందాలు వేస్తున్నారేమో నాకు తెలియదు, వేస్తే వేయండి, అంతకంటే ముందు ఆ 42 పేజీలు వరుస చూసుకొని, మడతలు సాపు చేసి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించు. ఎవరైనా తమ కాపీలో పక్కన డౌట్ రాసుకొని ఉంటే, ఎక్కడైనా లెక్క తప్పు పోయిందని గమనించి ఉంటే, ఆ పేజీ నంబర్లు ఒక కాగితం మీద రాసి చివర పెట్టు. శాలువా ఒక రోజు కప్పుకుంటుంది, ఆ చివరి కాగితం మాత్రం వచ్చే సెమిస్టర్ పాఠం చెప్పేముందు తప్పకుండా తీసి చూస్తుంది. శనివారం దాకా ఆగకు, కారిడార్లో అడగడానికి వెళ్తున్నప్పుడే చేతికి ఇచ్చెయ్, మాట కలపడానికీ సులువవుతుంది.